ఆఫీసు భవనంలో ఫైర్ డ్రిల్: ఏ మంటకు ఏ సిలిండర్ అన్న దగ్గర నుంచి బయట తలల లెక్క దాకా

"డ్రిల్ సరిగ్గా ఎలా చేయాలి?" అని అడిగేవాళ్లలో చాలామంది నిజానికి అడుగుతున్నది "అందరినీ త్వరగా కిందికి ఎలా దింపాలి?" అని. అది సగం పనే. ఫైర్ ఇంజిన్ వచ్చి ఆగగానే దాని అధికారి అడిగేది ఒకటే: "లోపల ఇంకా ఎవరైనా ఉన్నారా? ఉంటే ఎక్కడ?" దీనికి రెండు నిమిషాల్లో నమ్మకంగా జవాబు చెప్పగలిగితేనే మీ ఏర్పాటు పనిచేస్తున్నట్టు. కింద చెప్పే ప్రతి పనీ ఆ జవాబు కోసమే.

లెక్కలు అర్థం కావడానికి ఒక ఊహా భవనాన్ని తీసుకుందాం. గ్రౌండ్ ఫ్లోర్, పైన ఏడు అంతస్తులు. పై అంతస్తుల్లో ఒక్కోదానిలో 80 మంది, అంటే 560 మంది. కింద రిసెప్షన్, స్టోర్ కలిపి మరో 40 మంది. లిఫ్టుల పక్కన ఒక మెట్ల దారి, వెనక మూలలో ఇంకొకటి. రెండూ 1.2 మీటర్ల వెడల్పు.

## 1. మంట త్రిభుజాన్ని పట్టుకుని ప్రతి అంతస్తూ నడవండి

మంటకు మూడు కావాలి: మండే వస్తువు, వేడి, ఆక్సిజన్. ఈ మూడింటిలో ఒక్కదాన్ని తీసేస్తే మంట నిలవదు. ఆక్సిజన్ గాలిలో ఎలాగూ ఉంటుంది కాబట్టి మంట రాకుండా చూడటం అంటే మిగిలిన రెండూ ఒకచోట కలవకుండా చూడటమే.

ఆ దృష్టితో ఒక నోట్‌బుక్ పట్టుకుని అంతస్తంతా తిరగండి. ముందు వేడి పుట్టే చోట్లు రాసుకోండి: ఎలక్ట్రికల్ ప్యానెల్, యూపీఎస్ గది, సర్వర్ ర్యాక్, ఒకదానికొకటి గుచ్చిన ఎక్స్‌టెన్షన్ బోర్డులు, ప్యాంట్రీలో హీటర్, డెస్క్ కింద ఎవరో పెట్టుకున్న రూమ్ హీటర్. తర్వాత ఆ ఒక్కో చోటికి మీటరు దూరంలో మండేది ఏముందో చూడండి.

ఎక్కువ దొరికేది ఎలక్ట్రికల్ గదిలోనే. తాళం ఉన్న గది కాబట్టి దాన్ని స్టోర్‌గా వాడేస్తారు. పాత అట్టపెట్టెలు, పండగ అలంకరణ సామాను, శానిటైజర్ డబ్బాలు ప్యానెల్‌కు ఆనించి ఉంటాయి. వేడి, ఇంధనం అక్కడ సిద్ధంగా ఉన్నాయి. ఆ గది ఖాళీ చేయించడం మంటలార్పే సిలిండర్ కొనడం కన్నా ముందు జరగాలి.

## 2. ఏ సిలిండర్ దేన్ని తెంచుతుందో తెలుసుకోండి

మంటల క్లాసులను ఎ, బి, సి అని బట్టీ పడితే కంగారులో గుర్తుకు రాదు. ఈ సిలిండర్ త్రిభుజంలో దేన్ని తెంచుతుంది అని ఆలోచిస్తే ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ రాదో అదే తెలిసిపోతుంది.

నీళ్లు వేడిని లాగేస్తాయి. కాగితం, చెక్క, గుడ్డ వంటి ఎ క్లాస్ మంటలకు ఇదే మంచిది, ఎందుకంటే ఇవి లోపల నిప్పుకణికలా రగులుతూ ఉంటాయి, వాటిని చల్లార్చాలి. కరెంటు ఉన్న పరికరం మీద, మండుతున్న నూనె మీద మాత్రం మామూలు నీళ్ల సిలిండర్ వాడకూడదు. కాగే నూనెలో పడ్డ నీరు క్షణంలో ఆవిరై వెయ్యి రెట్లకు మించి వ్యాకోచిస్తుంది, మండే నూనెను చుట్టూ చిమ్ముతుంది.

ఫోమ్ ద్రవం మీద దుప్పటిలా పరుచుకుని గాలి అందకుండా చేస్తుంది, కొంత చల్లారుస్తుంది. పెట్రోలు, డీజిల్, థిన్నర్ వంటి బి క్లాస్ మంటలకు, ఎ క్లాస్‌కు కూడా. జనరేటర్ డీజిల్ నిల్వ దగ్గర ఉండాల్సింది ఇది.

కార్బన్ డయాక్సైడ్ ఆక్సిజన్‌ను పక్కకు నెడుతుంది. మరక మిగల్చదు, కరెంటును మోయదు. అందుకే ప్యానెల్, సర్వర్ గదికి ఇది సరిపోతుంది. దీని పరిమితి ఇది: వాయువు చెదిరిపోగానే గాలి తిరిగి వస్తుంది. మండే అట్టపెట్టెల మీద కొడితే మంట ఆరినట్టు కనిపించి, లోపలి కణికల నుంచి మళ్లీ లేస్తుంది. ఇంకో రెండు విషయాలు. వాయువు బయటికి వచ్చే హార్న్‌ను చేత్తో పట్టుకుంటే చలికి చర్మం కాలినట్టవుతుంది. చిన్న మూసిన గదిలో వదిలితే మనిషికీ ఊపిరాడదు.

ఎబిసి పౌడర్ త్రిభుజంలో లేని ఇంకోదాన్ని, మంటలోని రసాయన గొలుసు చర్యను తెంచుతుంది, ఘన పదార్థాల మీద కరిగి పూత కడుతుంది. అన్నిటికీ పనికొస్తుందని ఎక్కువచోట్ల ఇదే పెడతారు. కానీ గదిలో కొట్టిన మరుక్షణం ముందు ఏమీ కనిపించదు, పరికరాల్లోకి పొడి చేరి తర్వాత తుప్పు పట్టిస్తుంది. అందుకని సర్వర్ గది లోపల ఇది వద్దు.

వెట్ కెమికల్ వంటనూనె మంటలకు. నూనె పైన సబ్బులాంటి పొర కట్టి గాలిని ఆపుతుంది, నూనెను చల్లబరుస్తుంది. వేపుళ్లు చేసే క్యాంటీన్ ఉంటేనే ఇది అవసరం.

క్లాసుల అక్షరాలు అన్ని దేశాల్లో ఒకటి కావు. అమెరికా పద్ధతిలో సి అంటే కరెంటు మంట, వంటనూనె కె. యూరప్ పద్ధతిలో సి అంటే మండే వాయువులు, వంటనూనె ఎఫ్. డి రెండుచోట్లా మెగ్నీషియం వంటి లోహాలకే. అందుకని సిబ్బందికి అక్షరం కాకుండా లేబుల్ మీది బొమ్మలు చూసి గుర్తుపట్టడం నేర్పండి.

ల్యాప్‌టాప్, స్కూటర్ లిథియం బ్యాటరీల సంగతి వేరు. వాటి లోపల వేడిని పుట్టించే చర్య బయటి గాలి మీద ఆధారపడదు, కాబట్టి ఆక్సిజన్‌ను నెట్టే సిలిండర్‌తో పైమంట ఆరినా సెల్ వేడెక్కుతూనే ఉంటుంది. చాలాసేపు నీటితో చల్లబరచాలి, పొగ విషం. ఉబ్బిన, బుసకొడుతున్న బ్యాటరీ కనిపిస్తే తలుపు మూసి అలారం కొట్టి బయటికి రావడమే సిబ్బంది పని.

నెలకోసారి సిలిండర్ల దగ్గర చూడాల్సినవి:

- ముందు కుర్చీ, కుండీ, పెట్టె అడ్డం లేకుండా చేతికి అందుతోందా
- పిన్ను, సీలు అలాగే ఉన్నాయా
- గేజ్ ముల్లు ఆకుపచ్చలో ఉందా
- గొట్టం పగలలేదు కదా, నాజిల్‌లో ఏమీ దూరలేదు కదా
- సర్వీసు తేదీ దాటలేదు కదా

కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కు మామూలుగా గేజ్ ఉండదు. దాన్ని తూకం వేసే తెలుసుకోవాలి. వాయువు బరువులో పదో వంతు తగ్గితే నింపించాలి. "గేజ్ లేదు కాబట్టి చూడలేదు" అని ఏళ్ల తరబడి ఖాళీగా వేలాడే సిలిండర్లు ఇవే.

## 3. ఆర్పాలా, వెళ్లిపోవాలా? ముందే తేల్చండి

అలారం కొట్టడం అన్నిటికన్నా ముందు. ఆ తర్వాత కింది నాలుగూ అవునైతేనే సిలిండర్ అందుకోవాలి.

- మంట చెత్తబుట్టంత ఉంది, ఇంకా పాకలేదు
- బయటికి పోయే దారి నా వీపు వెనక ఉంది
- చేతిలోది ఈ మంటకు సరిపోయేదే, వాడటం నాకు వచ్చు
- గదిలో పొగ తల ఎత్తుకు దిగలేదు

పిన్ను లాగాలి, నాజిల్‌ను మంట మొదలు వైపు తిప్పాలి, లివర్ నొక్కాలి, మొదలు వెంట అటూ ఇటూ ఊపాలి. రెండు మూడు మీటర్ల దూరం నుంచి మొదలుపెట్టండి. జ్వాలల మీద కొడితే వృథా. మండుతున్న వస్తువు మీద పడాలి.

చేత్తో మోసే సిలిండర్ సైజును బట్టి పది నుంచి ఇరవై సెకన్లలో ఖాళీ అయిపోతుంది. దాన్ని పట్టుకున్నవాళ్లలో ఎక్కువమందికి ఈ సంగతి తెలియదు, నిమిషాల తరబడి వస్తుందనుకుంటారు. ఒక్క సిలిండర్‌కు ఆరకపోతే రెండోదాని కోసం వెతకొద్దు. తలుపు మూసి వచ్చేయండి. మూసిన తలుపు ఆక్సిజన్‌ను కట్టడి చేస్తుంది, పొగను మెట్ల వైపు రానివ్వదు. తాళం మాత్రం వేయకూడదు.

## 4. మెట్ల లెక్క వేయండి

మెట్ల మీద జనం గోడకు, రెయిలింగ్‌కు రాసుకుంటూ నడవరు. రెండు వైపులా పదిహేనేసి సెంటీమీటర్లు వదిలేస్తే 1.2 మీటర్ల మెట్లలో నిజంగా వాడేది 0.9 మీటర్లే. ప్రవాహం బాగా సాగితే మీటరు వెడల్పుకు సెకనుకు దాదాపు ఒకరు దిగుతారు. అంటే నిమిషానికి 54 మంది. చెప్పులు జారడం, ఫోన్ చూడటం లాంటివి ఉంటాయి కాబట్టి 50 అనుకోండి.

560 మంది రెండు దారుల్లో సగం సగం దిగితే ఒక్కోదానికి 280, అంటే ఆరు నిమిషాల లోపు. కాగితం మీద ప్లాన్ రాసేవాళ్లు ఇక్కడితో ఆగిపోతారు.

కానీ జనం రోజూ తిరిగే దారినే పోతారు. లిఫ్టుల పక్క మెట్లు అందరికీ తెలుసు, వెనక మెట్ల తలుపు చాలామంది ఎన్నడూ తెరవలేదు. నలుగురిలో ముగ్గురు ముందు మెట్లకే వస్తే అక్కడ 420 మంది. ఎనిమిదిన్నర నిమిషాలు. వెనక మెట్లు మూడు నిమిషాల్లోపే ఖాళీ అయి ఊరికే ఉంటాయి. ఇక ఒక మెట్ల దారిలో పొగ నిండితే 560 మందీ రెండో దాంట్లోనే దిగాలి, పదకొండు నిమిషాలు దాటుతుంది.

కాబట్టి ప్రతి అంతస్తు ప్లాన్ మీద మధ్యలో గీత గీసి, గీతకు ఇటు కూర్చునేవారు ముందు మెట్లు, అటువారు వెనక మెట్లు అని ఖరారు చేయండి. ఆ మాట గోడ మీది మ్యాప్‌లో ఉంటే చాలదు. కొత్తగా చేరినవారిని మొదటిరోజే వెనక మెట్ల తలుపు తెరిపించి కింది దాకా నడిపించండి. ఒక్కసారి నడిచిన దారి కాళ్లకు గుర్తుంటుంది.

అత్యంత ఎత్తయిన భవనాల్లో మంట ఉన్న అంతస్తును, దాని పైన కింద అంతస్తులను ముందు దించి మిగిలినవారిని తర్వాత దించే పద్ధతి ఉంటుంది. మీ భవనం అలా కట్టినదైతే ఈ లెక్క కాదు, భవనానికి ఆమోదించిన ఆ పద్ధతే పాటించాలి.

## 5. అంతస్తుకు ఇద్దరు వార్డెన్లు, ఇద్దరు బదులు మనుషులు

ఒక వార్డెన్ ముందు సగాన్ని, ఇంకొకరు వెనక సగాన్ని చూస్తారు. వాళ్లు సెలవు పెట్టినరోజు ఎవరో ముందే పేరు రాసి ఉండాలి. మేనేజర్లను వార్డెన్లుగా పెట్టకండి. సగం రోజులు వాళ్లు సీట్లో ఉండరు.

వార్డెన్ పని వరుస ఇది:

1. అలారం మోగగానే "లేవండి, బయల్దేరండి" అని గట్టిగా చెప్పాలి. "డ్రిల్లేనా?" అని అడిగితే "లేవండి" అనే జవాబు.
2. మెట్ల దూరపు మూల నుంచి మెట్ల వైపు వస్తూ ప్రతి గదీ చూడాలి. టాయిలెట్లు, ఫోన్ బూత్‌లు, మీటింగ్ గదులు, ప్రార్థన గది, సర్వర్ గది. అలారం సరిగా వినపడని చోట్లు ఇవే.
3. మూసిన తలుపును తెరిచే ముందు చేతి వెనక భాగంతో తాకి చూడాలి. వేడిగా ఉంటే తెరవకూడదు.
4. చూసిన గది తలుపు మూస్తూ రావాలి.
5. చివరగా మెట్లు దిగి, కింద ఒక్క వాక్యం చెప్పాలి: "నాలుగో అంతస్తు వెనక భాగం ఖాళీ" లేదా "నాలుగో అంతస్తు వెనక భాగం, ప్యాంట్రీ చూడలేకపోయాను, పొగ."

రెండో రకం వాక్యం చెప్పడానికి వార్డెన్ సంకోచించకూడదు. చూడని గదిని చూసినట్టు చెప్పడమే అసలు ప్రమాదం.

మెట్లు దిగలేనివారి పేర్లు ముందే, వాళ్లతో మాట్లాడి, రాసుకోండి. మోకాలి ఆపరేషన్ అయినవారు, గర్భిణులు, కళ్లు కనిపించనివారు, చక్రాల కుర్చీలో ఉన్నవారు. ఒక్కొక్కరికీ ఇద్దరు తోడు. మంటను, పొగను ఆపే ఫైర్ డోర్ దాటాక, మెట్ల దగ్గర వాళ్లు ఆగే చోటు గుర్తించండి. మెట్ల మీదుగా మనిషిని దించే ఎవాక్యుయేషన్ చెయిర్ ఉంటే దాన్ని దించడం నిజంగా సాధన చేయించండి. ఒక తోడు అక్కడే ఉండాలి, ఇంకొకరు కిందికి వచ్చి అంతస్తు, మెట్ల పేరు చెప్పాలి. లిఫ్ట్ వాడొద్దు, అత్యవసర తరలింపు కోసమే కట్టిన లిఫ్ట్ అయితే తప్ప.

## 6. అసెంబ్లీ పాయింట్ ఎంచుకోండి

అందరూ బయటికి వచ్చి చేరే ఈ చోటు కోసం ఎక్కువచోట్ల గేటు దగ్గర బోర్డు పాతేసి ఊరుకుంటారు. ఫైర్ ఇంజిన్ వచ్చేదీ ఆ గేటు నుంచే.

మన ఊహా భవనంలో ఎనిమిది స్థాయిలు, ఒక్కోటి దాదాపు 3.6 మీటర్లు, మొత్తం 29 మీటర్లు. వేడికి కిటికీ అద్దాలు పగిలి పలకలుగా దూరంగా పడతాయి కాబట్టి కనీసం భవనం ఎత్తంత దూరం, ఇక్కడ 30 మీటర్లు, పాటించండి. నిలబడటానికి మనిషికి అర చదరపు మీటరు చొప్పున 600 మందికి 300 చదరపు మీటర్లు కావాలి. పార్కింగ్‌లో కార్లు లేని ఆదివారం కొలిస్తే చోటు చాలుతుంది, పనిరోజు కొలిస్తే చాలదు. పనిరోజే కొలవండి.

చోటు ఖరారు చేసే ముందు చూడాల్సినవి:

- ఫైర్ ఇంజిన్ దారి, మలుపు, హైడ్రెంట్ అడ్డం కావడం లేదు కదా
- అక్కడికి చేరడానికి వాహనాలు తిరిగే రోడ్డు దాటక్కర్లేదు కదా
- ట్రాన్స్‌ఫార్మర్, గ్యాస్ బ్యాంక్, డీజిల్ ట్యాంకు దగ్గరలో లేవు కదా
- రెండు మెట్ల నుంచీ బయటపడ్డవారు భవనం గోడ వెంట నడవకుండా చేరగలరా
- బేస్‌మెంట్ గానీ, భవనం కింది పార్కింగ్ గానీ కాదు కదా

గాలి అటువైపు వీస్తే పొగ జనం మీదికే వస్తుంది. అందుకే భవనానికి ఎదురు దిక్కున రెండో చోటు కూడా ఉండాలి, ఏది వాడాలో ఎవరు చెబుతారో తేలి ఉండాలి.

అక్కడ అంతస్తు అంకెలతో కర్రలకు బోర్డులు కట్టి వరసగా పెట్టండి. "మూడో అంతస్తు" బోర్డు దగ్గర మూడో అంతస్తువాళ్లు చేరతారు. మైకు కేకల కన్నా ఇది బాగా పనిచేస్తుంది.

## 7. డ్రిల్ రోజు

ముందు ఫైర్ స్టేషన్‌కు, అలారం పర్యవేక్షించేవారికి చెప్పండి. మొదటి డ్రిల్ అందరికీ చెప్పి చేయండి. తర్వాతివి చెప్పకుండా.

ప్రతి మెట్ల అడుగున ఒక పరిశీలకుడు గడియారంతో నిలబడి ఎంతమంది దిగారో లెక్కపెట్టాలి. రెండో డ్రిల్ నుంచి మూడో అంతస్తులో ముందు మెట్ల తలుపు దగ్గర ఒకరిని "ఇక్కడ పొగ" అన్న బోర్డుతో నిలబెట్టండి. అలవాటైన దారి మూసుకుపోయినప్పుడు ఏం చేస్తారో అప్పుడే తెలుస్తుంది.

ఇంకొకటి కూడా చేయండి. ఒకరిని ముందే ఒప్పించి, ఆరో అంతస్తు మీటింగ్ గదిలో కదలకుండా కూర్చోమనండి. వార్డెన్‌కు తెలియకూడదు. ఆ మనిషి లోపల ఉన్నట్టు కింద ఎంతసేపటికి తేలిందో, అసలు తేలిందో లేదో రాసుకోండి. నా దృష్టిలో డ్రిల్ మొత్తంలో ముఖ్యమైన కొలత ఇదే.

మన భవనంలో మొదటి డ్రిల్ ఇలా జరిగిందనుకుందాం:

- అలారం: 11:00:00
- ఐదో అంతస్తు నుంచి మొదటి మనిషి మెట్లు దిగడం మొదలుపెట్టింది: 11:02:10
- వెనక మెట్ల చివరి మనిషి బయట: 11:05:00, మొత్తం 140 మంది
- ముందు మెట్ల చివరి మనిషి బయట: 11:10:20, మొత్తం 419 మంది
- లెక్క పూర్తి: 11:19:00
- ఆరో అంతస్తులో మిగిలిన మనిషి: లెక్కలో తేలలేదు

"పంతొమ్మిది నిమిషాలు పట్టింది, ఇంకా వేగం పెంచాలి" అని నివేదిక రాస్తే ఏమీ మారదు. ఇక్కడ వేర్వేరు లోపాలు నాలుగున్నాయి.

ఐదో అంతస్తు రెండు నిమిషాలు కదల్లేదు. కాళ్ల వేగం కాదు సమస్య. ల్యాప్‌టాప్ సర్దుకోవడం, పక్కవాళ్లు లేస్తారేమోనని చూడటం. వార్డెన్ మొదటి మాట అక్కడ సరిగా పడలేదు. పరిష్కారం ఆ అంతస్తు వార్డెన్లతో విడిగా సాధన.

140, 419 అన్నవి మెట్ల విభజన పనిచేయలేదని చెబుతున్నాయి. అంతస్తుల్లో గీతకు అటు కూర్చునేవారిని వెనక మెట్లలో మళ్లీ నడిపించాలి.

అందరూ బయటపడ్డాక లెక్కకు దాదాపు తొమ్మిది నిమిషాలు. 600 పేర్లను ఒకే మనిషి పిలిచినందుకు. పేర్లు కాకుండా ముందు వార్డెన్ల పదహారు వాక్యాలు తీసుకోవాలి: ఎనిమిది స్థాయిలు, రెండేసి భాగాలు. అవి రెండు నిమిషాల్లో వస్తాయి. పక్కనే పది, పదిహేను మంది ఉండే జట్ల నాయకులు తమ జట్టులో ఈ రోజు వచ్చినవారిలో లేనిదెవరో చెబుతారు. యాక్సెస్ కార్డు జాబితాను ఒక్కదాన్నే నమ్మకండి. ఒకరి కార్డుతో ఇద్దరు దూరతారు, బయటికి వెళ్తూ కార్డు గీయనివారు ఉంటారు. విజిటర్ల రిజిస్టర్, హౌస్‌కీపింగ్, కాంట్రాక్టర్ల జాబితా రిసెప్షన్ మనిషి చేత్తో పట్టుకుని రావాలి.

ఆరో అంతస్తు మనిషి తేలకపోవడం వీటన్నిటికన్నా పెద్దది. వార్డెన్ "ఖాళీ" అన్నారు, కానీ ఆ గది చూడలేదు. ఆ అంతస్తు ప్లాన్‌పై చూడాల్సిన గదులకు అంకెలు వేసి, ఆ వరుస కార్డు మీద రాసి వార్డెన్ మెడలో వేయండి.

## 8. మళ్లీ లోపలికి పోవడం

అలారం ఆగగానే జనం తలుపు వైపు నడుస్తారు. అలారం మోత ఆగడం అంటే ఎవరో బటన్ నొక్కారనే, భవనం సురక్షితం అని కాదు. నిజమైన మంటలో ఆ అనుమతి ఫైర్ అధికారి ఇవ్వాలి. డ్రిల్‌లో ఒకే ఒక్క బాధ్యుడు, అసెంబ్లీ పాయింట్ దగ్గర నిలబడి, నోటితో చెప్పాలి. ప్రతి తలుపు దగ్గరా ఒకరిని ఉంచి అప్పటిదాకా ఎవరినీ రానివ్వకండి. బ్యాగ్ కోసం, తాళాల కోసం వెళ్లిన ఒక్క మనిషితో అప్పటిదాకా చేసిన లెక్క తప్పవుతుంది.

ఆ సాయంత్రమే వార్డెన్లను, పరిశీలకులను అరగంట కూర్చోబెట్టి ఎవరు ఏ తప్పును ఏ తేదీలోగా సరిచేస్తారో పేర్లతో రాయండి. రోజూ తెరిచి పెట్టడానికి ఫైర్ డోర్ కింద చెక్క ముక్క దోపారా, వెనక మెట్లలో పాత కుర్చీలు పేర్చారా అన్నవి ఆ రోజే తీయించొచ్చు. మిగిలినవాటికి తర్వాతి డ్రిల్‌లో అదే కొలత మళ్లీ తీయండి: వెనక మెట్లలో దిగినవారెంతమంది, మొదటి మనిషి ఎప్పుడు కదిలారు, దాక్కున్న మనిషి ఎంతసేపటికి తేలారు. ఈసారి ఆ మనిషిని ఇంకో అంతస్తులో కూర్చోబెట్టండి.